ఇన్వర్టర్‌కి నీళ్లు పోసే ట్యూబులరా, ఏజీఎమ్మా, జెల్లా?

సురేఖ_బెజవాడ
అందరికీ నమస్కారం. మాది విజయవాడలో మూడో అంతస్తు ఫ్లాటు. ఇన్వర్టర్‌కి 150 ఏహెచ్ ట్యూబులర్ బ్యాటరీ ఉంది, ఆరేళ్లు నడిచింది. ఈ వేసవిలో కరెంటు పోతే మూడు ఫ్యాన్లకి గంట కూడా రావడం లేదు. షాపతనేమో "ఇంకా ఈ నీళ్లు పోసే గొడవ ఎందుకు మేడమ్, జెల్ పెట్టించుకోండి, బెడ్‌రూమ్ కప్‌బోర్డులో పెట్టి తలుపేసుకోవచ్చు" అంటున్నాడు. ఇంకో షాపులో అదే బ్యాటరీని చూపించి ఏజీఎం అన్నారు. మా అత్తగారికి యాసిడ్ వాసన అస్సలు పడదు. ఇప్పుడు పాతది బాల్కనీలో ఉంది. ఈ మూడింట్లో అసలు తేడా ఏమిటి, మాకు ఏది సరిపోతుంది?

శీను_ఆటో_ఎలక్ట్రికల్
అక్కా, జెల్, ఏజీఎం, ఎస్ఎంఎఫ్ అన్నీ ఒకటే, పేర్లే వేరు. మూత ఉండదు, నీళ్లు పొయ్యక్కర్లేదు. నేను రోజూ బండ్లకి వేసేవి అవే. ముందు పాతదాన్ని మీటరు పెట్టి చూడండి. ఛార్జింగ్ తీసేసి రెండు మూడు గంటలయ్యాక 12.7 ఉండాలి. 12.5 అంటే ముప్పాతికే ఎక్కినట్టు.

డాలస్_మురళి
ఈ రోజుల్లో కూడా లెడ్ యాసిడ్ ఏంటండీ? లిథియం తీసుకోండి, పదేళ్లు చూడక్కర్లేదు.

సురేఖ_బెజవాడ
మురళి గారూ, లిథియం పెట్టాలంటే నా ఇన్వర్టర్ కూడా మార్చాలట. అంత బడ్జెట్ లేదు. ఈ మూడింటి గురించే చెప్పండి.

బ్యాటరీ_గది_బాబాయ్
నేను టెలిఫోన్ ఎక్స్ఛేంజీల్లో బ్యాటరీ గదులు చూసినవాణ్ణి. నీళ్లు పోసే సెల్సూ చూశాను, సీలు వేసినవీ చూశాను.

సురేఖ గారూ, మూడింట్లోనూ సీసం ప్లేట్లే, సల్ఫ్యూరిక్ యాసిడే. తేడా అంతా యాసిడ్ ఏ రూపంలో ఉంది, ఛార్జింగ్‌లో విడిపోయిన నీళ్లు ఎక్కడికి పోతాయి అన్న దగ్గరే. మీ ట్యూబులర్‌లో యాసిడ్ ద్రవంగా ఉంటుంది, ప్లేట్లు అందులో మునిగి ఉంటాయి. బ్యాటరీ నిండాక కూడా కరెంటు వెళ్తుంటే ఆ కరెంటు నీళ్లని ఆక్సిజన్, హైడ్రోజన్‌గా విడగొడుతుంది. ఆ బుడగలు పైకొచ్చి మూతల్లోంచి బయటికి పోతాయి. అందుకే మట్టం తగ్గుతుంది, మీరు మళ్లీ పోస్తారు.

ఏజీఎంలో ప్లేట్ల మధ్య సన్నటి గాజు పీచుతో చేసిన చాప ఉంటుంది. యాసిడ్ మొత్తం అందులోనే ఇంకి ఉంటుంది. ఆ చాపని పూర్తిగా తడపరు, కొద్దిగా ఖాళీ ఉంచుతారు. పాజిటివ్ ప్లేటు దగ్గర పుట్టిన ఆక్సిజన్ ఆ ఖాళీల గుండా నెగటివ్ ప్లేటుకి వెళ్లి అక్కడ మళ్లీ నీళ్లవుతుంది. జెల్‌లో యాసిడ్‌కి సిలికా పొడి కలిపి గడ్డకట్టిస్తారు. కొన్నాళ్లు వాడాక ఆ జెల్‌లో సన్నటి పగుళ్లు పడతాయి, ఆక్సిజన్ ఆ దారిన వెళ్తుంది. రెండింటికీ పైన వాల్వు ఉంటుంది, లోపల ఒత్తిడి పెరిగితేనే అది తెరుచుకుంటుంది. శీను చెప్పినట్టు రెండింటికీ నీళ్లు పొయ్యక్కర్లేదు, అంతవరకు నిజం. కానీ ఛార్జింగ్ దగ్గర రెండూ ఒకటి కావు. అది తర్వాత చెప్తాను.

కొత్తది కొనే ముందు పాతది నిజంగా పోయిందా లేదా తేల్చుకోండి. యాసిడ్ చిక్కదనం కొలిచే హైడ్రోమీటర్ దొరుకుతుందా?

శీను_ఆటో_ఎలక్ట్రికల్
బాబాయ్, హైడ్రోమీటర్ ఎందుకు, మల్టీమీటర్ చాలదా? 12.7 లెక్క తప్పంటారా?

బ్యాటరీ_గది_బాబాయ్
కారు బ్యాటరీకి నీ లెక్క సరైనదే శీనూ. అందులో నిండుగా ఛార్జి అయినప్పుడు యాసిడ్ గ్రావిటీ, అంటే నీళ్లతో పోలిస్తే అది ఎన్ని రెట్లు బరువో ఆ లెక్క, 1.280 దాకా ఉంటుంది. ఇన్వర్టర్ ట్యూబులర్‌లో 1.240 దగ్గరే పెడతారు, వేడి ప్రాంతాల్లో ప్లేట్లు ఎక్కువకాలం ఉండాలని. గ్రావిటీకి 0.84 కలిపితే ఒక సెల్ వోల్టేజి సుమారుగా వస్తుంది. 1.240 అయితే 2.08, ఆరు సెల్సుకి కలిపి 12.48. అంటే ఆవిడ ట్యూబులర్ పూర్తిగా నిండినా 12.5 మించదు. అదే ఏజీఎంలో యాసిడ్ పరిమాణం తక్కువ కాబట్టి గాఢత పెంచుతారు, 1.300 దగ్గర. అది నిండితే 12.8 పైన చూపిస్తుంది. ఒకే మీటరు, ఒకే అంకె, కానీ బ్యాటరీని బట్టి అర్థం మారిపోతుంది.

పైగా మీటరు ఆరు సెల్సు కలిపి చూపిస్తుంది. అందులో ఏది పాడైందో చెప్పదు.

సురేఖ_బెజవాడ
మా మరిది మెకానిక్ దగ్గర హైడ్రోమీటర్ తెచ్చాడు. రాత్రంతా ఛార్జింగ్ పెట్టి, పొద్దున ఇన్వర్టర్ ఆపి, రెండు గంటల తర్వాత చూశాం. పాజిటివ్ వైపు నుంచి వరసగా: 1.235, 1.230, 1.235, 1.140, 1.230, 1.235. మీటరులో 12.3. నాలుగో దాంట్లో నీళ్లు మిగతావాటికన్నా కిందికి ఉన్నాయి, రంగు కూడా గోధుమ రంగులో మురికిగా ఉంది. అత్తగారు దూరంగా నిలబడి "బట్టల మీద పడకుండా చూడండ్రా" అని కేకలు.

బ్యాటరీ_గది_బాబాయ్
అత్తగారు చెప్పింది వినండి. కాటన్ బట్ట మీద ఒక్క చుక్క పడినా ఉతికాక చిల్లు పడుతుంది. కళ్లద్దాలు కూడా పెట్టుకోవాలి.

మీ కొలతలు చాలా బాగున్నాయి, లెక్క కూడా సరిపోయింది. ఐదు సెల్సు 2.07 చొప్పున, నాలుగోది 1.98, మొత్తం 12.3 పైన. మీటరొక్కటే చూసి ఉంటే "కొంచెం తక్కువ ఛార్జి" అనుకుని వదిలేసేవారు. కరెంటు పోయినప్పుడు మాత్రం ఆ నాలుగో సెల్ ముందే ఖాళీ అయిపోయి మొత్తం వోల్టేజిని కిందికి లాగుతుంది. ఇన్వర్టర్ బీప్ కొట్టి ఆపేస్తుంది. మీ గంట బ్యాకప్ కథ అదే.

ఒక ప్రయత్నం మిగిలింది. నాలుగో సెల్‌లో డిస్టిల్డ్ వాటర్ ప్లేట్లు మునిగేంతవరకే పోసి, షాపులో బయటి ఛార్జర్ మీద 7, 8 ఆంపియర్లతో నెమ్మదిగా ఒక రోజంతా ఛార్జి చేయించండి. గ్రావిటీ 1.200 దాటితే ఇంకొన్నాళ్లు లాగవచ్చు. కదలకపోతే పాజిటివ్ ప్లేటు పదార్థం రాలి అడుగున చేరినట్టు. గోధుమ రంగు చూస్తే నాకు రెండోదే అనిపిస్తోంది. యాసిడ్ మాత్రం పొయ్యనివ్వకండి. గ్రావిటీ తగ్గిందని కొందరు యాసిడ్ పోస్తారు, హైడ్రోమీటర్ కాసేపు మంచి అంకె చూపిస్తుంది, ప్లేట్లు మాత్రం ఇంకా తొందరగా పోతాయి.

రమణ_కూకట్‌పల్లి
మధ్యలో వస్తున్నందుకు ఏమనుకోకండి. సీలు బ్యాటరీ కొనబోయేవాళ్లు మా కథ వినాలి. రెండేళ్ల కిందట పాత ట్యూబులర్ తీసేసి 150 ఏహెచ్ ఎస్ఎంఎఫ్ పెట్టించాను. హాల్లో టీవీ కింద చెక్క కప్‌బోర్డు, తలుపులు మూసే ఉంటాయి. గుడ్లు కుళ్లిన వాసన వస్తుంటే డ్రైనేజీ అనుకున్నాం. తలుపు తీస్తే బ్యాటరీ పక్కలు బయటికి ఉబ్బి ఉన్నాయి, చెయ్యి పెడితే కాలుతోంది. పెట్టినతను ఇన్వర్టర్ వెనక స్విచ్‌ని ట్యూబులర్ మీదే వదిలేసి వెళ్లాడని అప్పుడు తెలిసింది. సీలు బ్యాటరీ అంటే ఏ గొడవా ఉండదన్నారు కదా, మరి ఇదేంటి?

బ్యాటరీ_గది_బాబాయ్
రమణ గారూ, మీ కేసు ఈ చర్చకి అసలు విషయం. కాస్త వివరంగా రాస్తాను.

నిండిన ట్యూబులర్‌లోకి అర ఆంపియరు కరెంటు నెలంతా వెళ్తూనే ఉందనుకుందాం. 360 ఆంపియర్ అవర్లు. ఒక ఆంపియర్ అవరుకి ఒక్కో సెల్‌లో మూడో వంతు గ్రాము నీళ్లు విడిపోతాయి. అంటే సెల్‌కి 120 గ్రాములు, ఆరింటికీ కలిపి ముప్పావు లీటరుకి కాస్త తక్కువ. ఆ కరెంటులోని శక్తిలో ఎక్కువ భాగాన్ని బుడగలు తమతో బయటికి తీసుకుపోతాయి. మీరు డిస్టిల్డ్ వాటర్ పోస్తారు, అక్కడితో సరి.

సీలు బ్యాటరీలో ఆక్సిజన్ లోపలే మళ్లీ నీళ్లవుతుంది. నీళ్లు మిగులుతాయి, కానీ ఆ శక్తంతా అక్కడే వేడిగా మారుతుంది. బ్యాటరీ వేడెక్కితే అదే వోల్టేజికి ఇంకా ఎక్కువ కరెంటు తాగుతుంది, ఆ కరెంటుకి ఇంకా వేడెక్కుతుంది. చల్లటి గదిలో ఈ వేడి గోడల గుండా పోతుంది. తలుపు మూసిన చెక్క కప్‌బోర్డులో, పైగా ట్యూబులర్ కోసం పెట్టిన వోల్టేజిలో, పోవడానికి దారి లేదు. చివరికి వాల్వు తెరుచుకుని గ్యాసు పోతుంది. వాల్వులోంచి పోయిన నీళ్లని మళ్లీ పోసే వీలు లేదు, చాప ఎండిపోతుంది. ఆ కుళ్లిన వాసన హైడ్రోజన్ సల్ఫైడ్. అది వచ్చిందంటే ఛార్జింగ్ వెంటనే ఆపి కిటికీలు తెరవాలి, ఆ బ్యాటరీని మళ్లీ వాడకూడదు.

ముందే పట్టుకోవాలంటే ఒక దారి ఉంది. ఛార్జి నిండాక సీలు బ్యాటరీ గోరువెచ్చగా కూడా ఉండకూడదు. క్లాంప్ మీటరు ఉంటే ఛార్జింగ్ కరెంటు చూడండి. 150 ఏహెచ్ బ్యాటరీకి నిండాక అది ఒక ఆంపియరు కన్నా బాగా కిందికి దిగి అక్కడే ఉండాలి. దిగకుండా మూడు నాలుగు ఆంపియర్ల దగ్గర ఆగిపోయినా, దిగి మళ్లీ పెరుగుతున్నా ప్రమాదమే.

శీను_ఆటో_ఎలక్ట్రికల్
సరే బాబాయ్, అది ఏజీఎం అనుకుందాం. జెల్ అయితే ఈ గొడవ ఉండదు కదా? ఎండకి జెల్లే మంచిదని కంపెనీ రెప్రజెంటేటివ్ చెప్పాడు.

బ్యాటరీ_గది_బాబాయ్
సగం నిజం చెప్పాడు. జెల్ బ్యాటరీ డబ్బాని నిండా నింపి గోడలకి ఆనుకుని ఉంటుంది, కాబట్టి లోపలి వేడి ఏజీఎం కన్నా సులువుగా బయటికి వస్తుంది. పూర్తిగా ఖాళీ అయ్యేదాకా వాడి మళ్లీ ఛార్జి చేసినా ఏజీఎం కన్నా బాగా తట్టుకుంటుంది. కానీ ఎక్కువ వోల్టేజి అంటే దానికి అస్సలు పడదు. 14.2 దాటి అలాగే ఉంచితే గ్యాసు వేగంగా పుట్టి జెల్‌ని ప్లేటు నుంచి విడదీస్తుంది. గిన్నెలో తోడుకున్న గడ్డపెరుగుని గరిటెతో కదిపితే మళ్లీ అతుక్కోదు చూడు, అదే సంగతి. విడిపోయినచోట ప్లేటుకి యాసిడ్ అందదు, అంతమేర కెపాసిటీ పోయినట్టే. నీళ్లు పోసే బ్యాటరీలో బుడగలు వస్తే మేలు కూడా ఉంది, అడుగున చేరిన చిక్కటి యాసిడ్‌ని అవి పైదాకా కలుపుతాయి. జెల్‌కి అవే బుడగలు చేటు.

కుప్పం_రైతు
అన్నా, నాది వేరే ప్రశ్న. పొలం చుట్టూ సోలార్ ఫెన్సింగ్ ఉంది, ఏనుగుల కోసం. 12 వోల్టుల సీలు బ్యాటరీ. జెల్ అని చెప్పి ఇచ్చారు. రెండో ఏడాదికే తెల్లారేసరికి ఖాళీ. ఛార్జ్ కంట్రోలర్ తెర మీద `FLD` అని ఉంది. దానికీ దీనికీ ఏమైనా సంబంధం ఉందా?

బ్యాటరీ_గది_బాబాయ్
ఉంది తమ్ముడూ. అది నీళ్లు పోసే బ్యాటరీల సెట్టింగు. బాగా వాడుకలో ఉన్న ఒక రకం కంట్రోలర్లలో 25 డిగ్రీల దగ్గర లెక్క ఇలా ఉంటుంది. `SEL` అంటే సీలు బ్యాటరీ, boost అంటే నింపేటప్పటి వోల్టేజి, float అంటే నిండాక నిలిపి ఉంచే వోల్టేజి:

```
SEL  boost 14.4  equalize 14.6  float 13.8
GEL  boost 14.2  equalize లేదు   float 13.8
FLD  boost 14.6  equalize 14.8  float 13.8
```

`FLD`లో ఉంటే అప్పుడప్పుడు 14.8 దాకా కావాలనే తీసుకెళ్తుంది, అన్ని సెల్సూ సమానం కావాలని. నీళ్లు పోసేవాటికి అది మందు, నిజమైన జెల్‌కి విషం. ఒకసారి బ్యాటరీ పక్కన అతికించిన లేబులు చదివి చెప్పు. ఛార్జింగ్ వోల్టేజి ఎంత రాశారు?

కుప్పం_రైతు
`Cycle use 14.4–15.0V, Standby use 13.5–13.8V` అని ఉంది. జెల్ అని ఎక్కడా లేదు.

బ్యాటరీ_గది_బాబాయ్
అయితే నీది ఏజీఎం. ఆ అంకెలు దానివే. కొత్తది వేశాక `SEL` పెట్టు. పాతది వోల్టేజి వల్లే పోయిందని నేననను. ముసురు పట్టిన రోజుల్లో ప్యానెల్ నుంచి ఏమీ రాక, ఫెన్సింగ్ మాత్రం రాత్రీపగలూ వాడేస్తుంటే బ్యాటరీ వారాల తరబడి సగం ఖాళీగా ఉండిపోతుంది. ప్లేట్ల మీద సల్ఫేటు గట్టిపడుతుంది. అదీ కారణం అయ్యుండొచ్చు. ప్యానెల్ ఎన్ని వాట్లు?

కుప్పం_రైతు
20 వాట్లు. బ్యాటరీ 42 ఏహెచ్.

బ్యాటరీ_గది_బాబాయ్
మంచి ఎండలో కూడా ఆంపియరు పైచిలుకే వస్తుంది. 42 ఏహెచ్‌కి అది చాలా తక్కువ. ఒకసారి ఖాళీ అయితే ఎండ బాగా ఉన్నా నిండడానికి వారం దాటుతుంది, ఫెన్సింగ్ వాడుకునేది కూడా లెక్కేస్తే ఇంకా ఎక్కువ. బ్యాటరీ రకం మార్చే ముందు ప్యానెల్ సంగతి చూడు.

ఉమ_గుంటూరు
నీళ్ల గురించి ఎవరూ మాట్లాడట్లేదు. మేం ఏసీ నీళ్లు పట్టి పోస్తాం. ఐదేళ్లైంది, ఏమీ కాలేదు. డిస్టిల్డ్ వాటర్ కొనడం దండగ కదా? మా పక్కింటివాళ్లు ఆర్వో నీళ్లు పోస్తారు.

బ్యాటరీ_గది_బాబాయ్
ఆర్వో వద్దమ్మా. తాగడానికి అవి మంచివే, కానీ వాటిలో లవణాలు కొంత మిగిలే ఉంటాయి. నీళ్లు ఆవిరైనా లవణాలు బ్యాటరీలోనే ఉండిపోతాయి, ప్రతిసారీ ఇంకాస్త చేరతాయి. ఏసీ నీళ్లలో లవణాలు తక్కువే, కానీ అవి కాయిల్ మీదుగా, దుమ్ము మీదుగా వస్తాయి. రాగి, ఇనుము చేరితే బ్యాటరీ వాడకపోయినా తనంతట తాను ఖాళీ అవుతుంది. నేనైతే పొయ్యను.

ఉమ_గుంటూరు
ఐదేళ్లు నడిచింది కదండీ మరి.

రమణ_కూకట్‌పల్లి
మా అన్నయ్యా ఏసీ నీళ్లే పోస్తాడు, ఆయనదీ బాగానే ఉంది. డిస్టిల్డ్ వాటర్ పోస్తే ఏడేళ్లు వచ్చేదేమో ఎవరికి తెలుసు.

సురేఖ_బెజవాడ
షాపులో ఒకరోజు ఛార్జి చేయించాం. నాలుగో సెల్ 1.160 దగ్గర ఆగింది. మిగతావి 1.240. పోయినట్టే కదా? మరి కొత్తది ఏది తీసుకోమంటారు? బాల్కనీలో నీడ ఉంటుంది, కానీ మే నెలలో 40 పైనే. వాన జల్లు కొట్టదు.

బ్యాటరీ_గది_బాబాయ్
పోయింది. మార్చేయండి.

బాల్కనీ ఉంది కాబట్టి నేనైతే మళ్లీ నీళ్లు పోసే ట్యూబులరే పెడతాను. 25 డిగ్రీలకి పైన ప్రతి 10 డిగ్రీలకి లెడ్ యాసిడ్ ఆయుష్షు సగానికి సగం పడిపోతుంది, ఇది మూడింటికీ వర్తిస్తుంది. కానీ వేడికి నీళ్లు తగ్గితే ట్యూబులర్‌లో మీరు పోయగలరు, సెల్ సెల్‌కి గ్రావిటీ చూడగలరు. మీరిప్పుడు చేసిన పరీక్ష సీలు బ్యాటరీ మీద చెయ్యలేరు. సీలుదానికి వేసవిలో ఛార్జింగ్ వోల్టేజి కూడా తగ్గాలి, 40 డిగ్రీల దగ్గర ఫ్లోట్ 13.6 బదులు 13.3 దగ్గర ఉండాలి. మామూలు ఇంటి ఇన్వర్టర్లలో చాలావాటికి ఆ వేడి పసిగట్టే సెన్సరు ఉండదు.

వాసన, పొగ విషయంలో అత్తగారి మాట సబబే. బాల్కనీలోనే ఉంచండి, లోపలికి తేవద్దు. హైడ్రోజన్ గాలిలో 4 శాతానికి చేరితే నిప్పురవ్వకి అంటుకుంటుంది, దేవుడి దీపం పక్కన అసలు పెట్టకండి. మూతల మీది ఎర్ర పుల్ల కిందికి దిగితే నీళ్లు పోయాలి. వేసవిలో రెండు నెలలకోసారి చూడండి. పూర్తిగా ఛార్జి అయ్యాకే పోయండి. ఖాళీగా ఉన్నప్పుడు పైదాకా నింపితే, ఛార్జింగ్‌లో మట్టం పెరిగి యాసిడ్ పైకి పొంగి టెర్మినళ్లని తినేస్తుంది. ప్లేట్లు బయటికి కనిపిస్తుంటే మాత్రం ఆగకుండా అవి మునిగేంత పోసి అప్పుడు ఛార్జి పెట్టండి.

శీను_ఆటో_ఎలక్ట్రికల్
బాల్కనీ లేని ఫ్లాటు అయితే బాబాయ్? మా కస్టమర్లలో సగంమంది అలాంటివాళ్లే. వాళ్లకి ట్యూబులర్ ఎలా ఇస్తాను?

బ్యాటరీ_గది_బాబాయ్
వాళ్లకి ఏజీఎమ్మే ఇవ్వు, తప్పులేదు. గాలి ఆడే చోట, స్విచ్ ఎస్ఎంఎఫ్ మీద పెట్టి. కరెంటు ఎప్పుడో ఒకసారి పది నిమిషాలు పోయే ఊళ్లో అదే నయం కూడా. రోజూ రెండు మూడు గంటలు పోయే చోట ట్యూబులర్ ప్లేట్లు పెట్టి జెల్ నింపిన రకం మెరుగు, కానీ దాని ధరకి ఇంటివాళ్లకి గిట్టుబాటవుతుందా అన్నది నాకు అనుమానమే.

శీను_ఆటో_ఎలక్ట్రికల్
నా దగ్గర ఇద్దరు పెట్టించుకున్నారు బాబాయ్, ఇద్దరూ సంతోషంగానే ఉన్నారు. అయితే మూడేళ్లే అయిందనుకోండి.

సురేఖ_బెజవాడ
ట్యూబులరే ఖాయం చేశాం. షాపతను పాతదాన్ని కిలోల లెక్కన తీసుకుంటాడట. తూకం వేసే ముందు యాసిడ్ పారబోసి తెమ్మన్నాడు.

బ్యాటరీ_గది_బాబాయ్
పారబోయకండి. అందులో సీసం కలిసి ఉంటుంది, మీ డ్రైనులోకి పోతుంది. యాసిడ్‌తోనే ఎత్తుకెళ్లమనండి, తూకంలో కావాలంటే దాని బరువు తగ్గించుకుంటాడు. మోసే కుర్రాళ్లని పక్కకి వంచొద్దని చెప్పండి, మెట్ల మీద ఒలుకుతుంది.

సురేఖ_బెజవాడ
మా లిఫ్టు పని చెయ్యడం లేదు. మూడో అంతస్తు నుంచి దించాలి. మూతలకి టేపు వేసి దించితే ఫర్వాలేదా?

బ్యాటరీ_గది_బాబాయ్
దించేటంతసేపు వెయ్యండి, కిందికి వెళ్లగానే తీసేయమనండి. ముందు టెర్మినళ్లకి రబ్బరు తొడుగులు వేయించండి, మెట్ల రెయిలింగు ఇనుపది కదా.